మామిడి గుజ్జుకు ముందే డబ్బు కట్టాలంటే ప్రకటనలో ఏముండాలి?

ప్రశ్న: మాది కొత్తపేట దగ్గర పల్లెటూరండి. పెరటి తోటలో పెద్ద రసాల చెట్లు ఇరవై దాకా ఉన్నాయి. పోయినేడు నేనూ మా తోడికోడలూ కలిసి గుజ్జు తీసి కిలో సీసాల్లో పెట్టి అమ్మాం. 'స్వచ్ఛమైన, నాణ్యమైన, రసాయనాలు లేని తాజా మామిడి గుజ్జు, వెంటనే బుక్ చేసుకోండి' అని వాట్సాప్‌లో పెడితే డెబ్బై మంది ఫోన్ చేశారు, డబ్బు కట్టింది మాత్రం తొమ్మిది మందే. మే 20కి ఇస్తామన్న సరుకు జూన్ 1కి గానీ ఇవ్వలేకపోయాం. రెండు సీసాల మూతలు ఉబ్బాయి కూడా. ఈ ఏడు ప్రకటన ఎలా రాయమంటారు?
— ఒక పాఠకురాలు, కోనసీమ

సమాధానం:

అమ్మా, ఆ ఫోన్లు చేసినవాళ్లు ఏమడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి. ఏ కాయ, ఏమైనా కలుపుతారా, ఎప్పుడిస్తారు, డబ్బు ఎవరి పేరు మీద వెయ్యాలి. ఈ నాలుగే అడిగి ఉంటారు. మీ ప్రకటనలో ఈ నాలుగింటిలో ఒక్కదానికీ జవాబు లేదు. 'స్వచ్ఛమైన' అన్న మాట కల్తీ చేసేవాడు కూడా రాస్తాడు కదండీ. ఇంకా చెట్టు మీదే ఉన్న సరుకుకు డబ్బు అడుగుతున్నప్పుడు, కొనేవాళ్లు పట్టుకుని చూసుకోగలిగిన మాటలే పనికొస్తాయి.

నేను పదేళ్ల పాటు ఇంట్లో తాండ్ర పోసి అమ్మినదాన్ని. మొదటి ఏడాది నేనూ మీలాగే పొరపాటు చేశాను. వచ్చినవాళ్లందరి దగ్గరా అడ్వాన్స్ తీసుకున్నాను. మే నెల మధ్యలో ఒక సాయంత్రం ఈదురుగాలి కొట్టి సగం కాయ నేల రాలింది. ఆ తర్వాత నెల రోజులు ఫోన్ మోగితే చాలు గుండె దడ. అందుకే ప్రకటన రాసే ముందు కాగితం మీద ఒక లెక్క వేసుకోమంటాను.

రసాలు ఏడు విడిచి ఏడు కాస్తాయని మీకు నేను చెప్పక్కర్లేదు. మీ ఇరవై చెట్లలో ఈ ఏడు పన్నెండు బాగా కాశాయనుకుందాం. చెట్టుకు 80 కిలోల చొప్పున 960 కిలోలు. గాలికి రాలినవి, పిట్ట కొట్టినవి, మాగేటప్పుడు కుళ్లినవి, ఇంటికీ చుట్టాలకూ పోయేవి కలిపి నాలుగో వంతు తీసెయ్యండి. 720 మిగులుతాయి. తొక్క, టెంక పోగా రసాలలో గుజ్జు దాదాపు సగమే వస్తుంది. మీ కాయలో ఎంత వస్తుందో ముందుగా పది కిలోల పండు తూచి, గుజ్జు తీసి చూసుకోండి. సగం చొప్పున 360 కిలోల గుజ్జు. అందులో మూడింట రెండొంతులకే, అంటే 240 కిలోలకే బుకింగ్ తీసుకోండి. మిగతాది గాలివానకు వదిలెయ్యండి. గాలివాన రాకపోతే అది జూన్‌లో రొక్కానికి అమ్ముకోవచ్చు. 'మొత్తం 240 కిలోలు మాత్రమే' అని ప్రకటనలో రాస్తే, తోటలో ఎంత కాయ ఉందో చూసుకునే బుకింగ్ పెట్టారని చదివినవాళ్లకు అర్థమవుతుంది. 'త్వరపడండి' అన్న మాట ఇక అక్కర్లేదు.

ఇక ఆ ఉబ్బిన రెండు సీసాల సంగతి. మీరు రాసిన ఉత్తరంలో అసలు విషయం అదే అనిపించింది నాకు. సీసా మూత ఉబ్బిందంటే లోపల గుజ్జు పులిసి గ్యాస్ పుట్టింది. సరిగ్గా వేడి ఎక్కకపోయినా, మూత బిగవకపోయినా అలా అవుతుంది. రసాలతో ఇంకో చిక్కు కూడా ఉంది. పండు బాగా ముగ్గే కొద్దీ తీపి పెరిగి పులుపు తగ్గిపోతుంది. నిలవ ఉండేది ఆ పులుపు వల్లే. పులుపును కొలిచే అంకెను పి.హెచ్. అంటారు, పులుపు తగ్గే కొద్దీ అది పెరుగుతుంది. గుజ్జు పి.హెచ్. 4.6 దాటితే దాన్ని మూత బిగించి బయట పెట్టడం ప్రమాదం, అలాంటి సీసాలో కంటికీ ముక్కుకూ తెలియకుండా విషం పుట్టే అవకాశం ఉంది. కాబట్టి సీసాల్లో పెట్టే గుజ్జుకు కాస్త నిమ్మఉప్పు కలిపి పి.హెచ్. 4 లోపుకు తేవాలి. గిన్నె అడుగూ పైనా ఒకేలా 85 నుంచి 90 డిగ్రీల దాకా వేడెక్కాక, ఆ వేడి మీదే వేడి సీసాల్లో నింపి మూత పెట్టాలి. తర్వాత సీసాలను మరిగే నీళ్లలో అరగంట ఉంచాలి. చిన్న పి.హెచ్. మీటరు, థర్మామీటరు కొనుక్కోండి. చేతి అంచనాతో తాండ్ర పొయ్యొచ్చు గానీ, సీసా గుజ్జుకు అది చాలదు.

ఇదంతా ప్రకటన గురించే చెబుతున్నాను. మీరు 'రసాయనాలు లేని' అని రాసి నిమ్మఉప్పు కలిపితే, లేబుల్ మీద సిట్రిక్ యాసిడ్ అని చూసినవాళ్లు మిమ్మల్ని అబద్ధాలకోరుగా లెక్క వేస్తారు. కలపకపోతే సీసాలు ఉబ్బొచ్చు. ఈ ఇరకాటంలో పడకుండా ఉన్నదున్నట్టు రాసెయ్యండి: 'మామిడి గుజ్జు, నిమ్మఉప్పు. పంచదార, రంగు, ఎసెన్స్ కలపం.' ఒక్క వాక్యం. కొనేవాళ్లకు నిమ్మఉప్పు అంటే భయం లేదు. ఏం దాచారో తెలియకపోవడమే వాళ్ల భయం. కలిపింది చెప్పేశారు కాబట్టి, కలపలేదన్నది కూడా నమ్ముతారు.

'తాజా' అన్న మాట కూడా తీసెయ్యండి. కడగడం, తొక్క తీయడం, కొయ్యడం, చల్లగా ఉంచడం లాంటి పనులు దాటి ఏం చేసినా ఆహారాన్ని తాజా అని చెప్పుకోకూడదని 2018 నాటి ఆహార ప్రకటనల నిబంధనలు చెబుతున్నాయి. ఉడికించి సీసాకెత్తిన గుజ్జుకు ఆ మాట చెల్లదు. ఎలాగూ ఆహార భద్రత సంస్థ దగ్గర రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, ఆ 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి, ప్రకటనలోనూ పెట్టండి. ఇంకా చేయించుకోకపోతే ప్రకటన కంటే ముందు ఆ పని చూడండి.

కార్బైడ్ విషయంలో జనానికి ఉన్న అనుమానం న్యాయమైనదే. దాన్ని కాయలు మాగెయ్యడానికి వాడకూడదని నిషేధం ఉన్నా, వాడేవాళ్లు వాడుతూనే ఉన్నారు. అయితే 'కార్బైడ్ వాడలేదు' అని పెద్ద అక్షరాల్లో అరిస్తే ఫలితం ఉండదు. ఆ మాట ప్రతి బండి మీదా ఉంటుంది. దానికి బదులు 'కాయ కోసి వరిగడ్డిలో ఆరేడు రోజులు మాగేస్తాం' అని రాయండి. కోసిన రోజు ఒక ఫోటో, గడ్డి తీసిన రోజు ఒక ఫోటో బుక్ చేసుకున్నవాళ్లకు పంపండి. గడ్డిలో మాగిన కాయ అంతా ఒకే పసుపు పచ్చగా ఉండదు, ఒక పక్క ఆకుపచ్చ మిగిలి ఉంటుంది. అది తెలిసినవాళ్లు ఫోటో చూడగానే గుర్తుపడతారు. దగ్గర ఊళ్లవాళ్లు వచ్చి చూస్తామంటే రమ్మనండి. 'గుజ్జు తీసే రోజు వచ్చి చూడొచ్చు' అన్న వాక్యం రాస్తే పది మందిలో ఒక్కరు కూడా రారు, కానీ పది మందీ చదువుతారు.

కాయ పేరు కూడా వదలొద్దు. ఊరికే 'మామిడి గుజ్జు' అంటే కలెక్టర్ కాయ గుజ్జేమో అనుకుంటారు. చవగ్గా దొరికేది, ఫ్యాక్టరీల్లో ఎక్కువగా నలిగేది అదే. 'పెద్ద రసాలు, మా సొంత చెట్ల కాయ, ఇంకే కాయా కలపం' అనండి. రసాలన్నాక పీచు ఉంటుంది. జల్లెడ పట్టినా సన్న పీచు కొంత మిగులుతుందని కూడా ముందే చెప్పండి. బంగినపల్లి గుజ్జుకు అలవాటు పడినవాళ్లు సీసా తెరిచి 'ఇదేంటండీ పీచు' అని ఫోన్ చేసే బాధ తప్పుతుంది.

ఇప్పుడు తేదీల దగ్గరికొద్దాం. మే 20 అని ఒక్క తేదీ ఎందుకు పెట్టారో నాకు తెలుసు, ఒక్క తేదీ అయితే నమ్మకంగా కనిపిస్తుందనుకున్నారు. కానీ మామిడి మన క్యాలెండర్ చూసుకుని ముగ్గదు. మబ్బు పట్టి నాలుగు రోజులు ఎండ లేకపోతే గడ్డిలో ఇంకో రెండు రోజులు ఉంటుంది. అందుకని తేదీని వెనక నుంచి లెక్కగట్టండి.

మొదటి విడత కాయ మే 6న కోశారనుకుందాం. ఆరేడు రోజులు గడ్డిలో ఉంటే 13కి ముగ్గుతుంది. 120 కిలోల గుజ్జుకు 240 కిలోల పండు పిసకాలి. ఇద్దరు ఆడవాళ్లకు అది రెండు రోజుల పని, కాబట్టి 13, 14. ఇక్కడే పోయినేడు మీరు తొందరపడి ఉంటారు. నింపిన సీసాలను వెంటనే పంపకండి. ఇంట్లోనే వెచ్చని గదిలో పది రోజులు నిలబెట్టండి. ఉబ్బేవి చాలావరకు ఈ పది రోజుల్లోనే బయటపడతాయి. రోజూ మూతల మీద వేలు పెట్టి చూడండి. మూత మధ్య భాగం కాస్త లోపలికి గుంటగా ఉంటే సరి. టిక్కు టిక్కున కదిలినా, పైకి లేచినా ఆ సీసా పక్కన పెట్టండి, రుచి కూడా చూడొద్దు. ఒకటి ఉబ్బితే ఆ పూట నింపిన మిగతావన్నీ అనుమానించాలి. పది రోజులంటే 24 అవుతుంది. 25 నుంచి 28 దాకా పంపిణీ. రెండో విడత కాయ మే 18న కోస్తే ఇదే లెక్కన జూన్ 6 నుంచి 9 మధ్య చేరుతుంది. అక్కడితో ఆపెయ్యండి. వానలు మొదలయ్యాక కాయకు ఈగ కుట్టి పురుగు పడుతుంది. పైగా మృగశిర వచ్చిందంటే మన వైపు జనం మనసు చేపల మీదకు పోతుంది.

ఈ పది రోజుల ఆలస్యాన్ని దాచుకోకండి, ప్రకటనలో పెట్టండి. ఆలస్యం ఎందుకో చెబితే అది నాణ్యతకు సాక్ష్యంగా పనిచేస్తుంది. 'సీసాలను పది రోజులు మా ఇంట్లో ఉంచి, మూతలు చూసుకున్నాకే పంపుతాం' అన్న మాట రాసే ధైర్యం నిజంగా అలా చేసేవాళ్లకే ఉంటుంది. పోయినేటి తొమ్మిది మందికి మాత్రం ప్రకటన కంటే ముందు విడిగా ఫోన్ చెయ్యండి. ఉబ్బిన సీసాల డబ్బు ఇంకా తిరిగి ఇవ్వకపోతే ముందు అది ఇచ్చెయ్యండి. మీ ఊరి చుట్టుపక్కల మీ గురించి అడిగితే చెప్పేది వాళ్లే.

హైదరాబాద్ చుట్టాలకు పంపించుకునేవాళ్లు మీ దగ్గర ఎక్కువ ఉంటారు. బస్సు కార్గోలో వేస్తే అన్నిచోట్లా ఇంటికి రాదు, మామూలుగా కౌంటర్ దగ్గరికి వెళ్లి తెచ్చుకోవాలి. ఈ చిన్న మాట చెప్పక చాలామంది గొడవ పడతారు. ఛార్జీ ఎవరిదో, సీసా పగిలితే ఎవరి బాధ్యతో కూడా రాయండి. పగిలిన సీసా మీ బాధ్యతే అనుకోండి, పెద్ద నష్టం రాదు. అట్టపెట్టెలో సీసాల మధ్య కొబ్బరి పీచు దట్టించండి, కోనసీమలో దానికి కొదవేముంది.

డబ్బు విషయం. మొత్తం ముందే అడగొద్దు. కిలో 280 రూపాయలు అనుకుంటే (మీ ధర మీరు వేసుకోండి) ఐదు కిలోలకు 1,400. అందులో 300 అడ్వాన్స్ చాలు. అది దేనికో కూడా చెప్పండి, సీసాలకూ మూతలకూ అని. మిగతా 1,100 పది రోజుల పరీక్ష అయ్యాక, పంపే ముందు. అలా అయితే కొనేవాళ్లు రిస్క్ చేసేది 300 మాత్రమే, మీకూ వెనక్కి తగ్గేవాళ్లెవరో ముందే తెలుస్తుంది. ఫలానా తేదీ దాకా రద్దు చేసుకుంటే అడ్వాన్స్ వాపసు, ఆ తర్వాత లేదు అని గీత గియ్యండి. కాయ కోసే రోజుకు ముందు రోజు ఆ గీత పెడితే ఇద్దరికీ న్యాయం. జూన్ 15 లోపు మీరు ఇవ్వలేకపోతే మొత్తం వాపసు అన్నది మాత్రం షరతులు పెట్టకుండా రాయండి. ఆ అడ్వాన్స్ డబ్బు ఇంటి ఖర్చులో కలిసిపోకుండా వేరే ఖాతాలో ఉంచితేనే ఆ మాట నిలబెట్టుకోగలరు.

క్యూఆర్ కోడ్ పోస్టర్ మీద ముద్రించొద్దు. వాట్సాప్‌లో పది చేతులు మారిన పోస్టర్‌లో మీ కోడ్ తీసేసి ఎవరైనా తమది అతికించొచ్చు, డబ్బు వాళ్లకు పోతుంది, తిట్లు మీకొస్తాయి. ఫోన్ చేసినవాళ్లకే వివరాలు పంపండి. డబ్బు పంపేటప్పుడు తెర మీద ఏ పేరు కనిపిస్తుందో ఆ పేరు ప్రకటనలో ఉండాలి. పోయినేడు మీ ఖాతా ఎవరి పేరు మీద ఉందో మీరు రాయలేదు. ప్రకటన మీ పేరుతో ఉండి డబ్బు మరెవరి పేరుకో పోతుంటే చాలామంది అక్కడే వేలు ఆపేస్తారు. మీ వైపు నుంచి, స్క్రీన్‌షాట్ చూసి రసీదు ఇవ్వకండి. మీ ఖాతాలో జమ పడిందో లేదో చూసుకుని అప్పుడు 'బుకింగ్ నంబరు 14, ఐదు కిలోలు, రెండో విడత, అందింది 300, బాకీ 1,100' అని ఒక మెసేజ్ పంపండి. అదే రసీదు.

ఇదంతా కలిపితే ప్రకటన ఇలా వస్తుంది. అంకెలు మీవి పెట్టుకోండి.

*పెద్ద రసాల గుజ్జు: ముందస్తు బుకింగ్ (మొత్తం 240 కిలోలు)*

మా సొంత చెట్ల పెద్ద రసాలు. వేరే కాయ కలపం. కాయ కోసి వరిగడ్డిలో మాగేసి, గుజ్జు తీసి, ఉడికించి కిలో గాజు సీసాల్లో నింపుతాం. అందులో ఉండేవి: మామిడి గుజ్జు, నిమ్మఉప్పు. పంచదార, రంగు, ఎసెన్స్ ఉండవు. రసాలు కాబట్టి సన్న పీచు కొంత ఉంటుంది. గుజ్జు తీసే రోజు వచ్చి చూడొచ్చు.

నింపిన సీసాలను పది రోజులు మా దగ్గరే ఉంచి, మూతలు చూసుకున్నాకే పంపుతాం. మొదటి విడత మే 25–28, రెండో విడత జూన్ 6–9. మీ సరుకు ఏ రోజు బయలుదేరుతుందో మూడు రోజుల ముందు చెబుతాం. జూన్ 15 లోపు ఇవ్వలేకపోతే కట్టిన డబ్బు మొత్తం మూడు రోజుల్లో వాపసు.

కిలో 280 రూపాయలు. కనీసం ఐదు కిలోలు. అడ్వాన్స్ కిలోకు 60 (సీసాలు, మూతల కోసం). మిగతాది పంపే ముందు. మొదటి విడతవారు మే 5 లోపు, రెండో విడతవారు మే 17 లోపు రద్దు చేసుకుంటే అడ్వాన్స్ వాపసు.

కొత్తపేట, రావులపాలెం, అమలాపురంలో చేతికి అందిస్తాం. దూరం ఊళ్లకు బస్సు కార్గో, ఛార్జీ కొన్నవారిది, కౌంటర్ నుంచి తీసుకోవాలి. పగిలిన సీసాకు, మూత ఉబ్బిన సీసాకు ఫోటో పంపితే డబ్బు వాపసు. ఉబ్బిన సీసా రుచి చూడకండి. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టి నాలుగైదు రోజుల్లో వాడెయ్యండి.

ఖాతాలో కనిపించే పేరు: (మీ పేరు). మేం లింకులు పంపం, పిన్ అడగం. రిజిస్ట్రేషన్ నంబరు, చిరునామా, ఫోన్: (మీవి).

పొడుగ్గా ఉందని కంగారు పడకండి. డబ్బు కట్టేవాళ్లు చివరి దాకా చదువుతారు, చదవనివాళ్లు ఎలాగూ కట్టరు. దీన్ని ఏప్రిల్ మధ్యలో, కాయకు టెంక గట్టిపడ్డాక పెట్టండి. పూత చూసి మార్చిలోనే పెడితే ఆ 240 అంకె ఎక్కడి నుంచి వచ్చిందో మీకే తెలియదు. ఇంకా, ఇంటర్నెట్‌లో దొరికే నీటి బొట్లు పడ్డ నిగనిగలాడే మామిడి ఫోటో పెట్టొద్దు. అది ఏ ఊరి కాయో ఎవరికీ తెలియదు. మీ చెట్టు కింద, మీ తోడికోడలు కాయ తూస్తుండగా కాటా మీద అంకె కనబడేలా తీసిన ఫోటో పెట్టండి.